పూజా శ్లోకంలో సంఖ్యలు సరిచూడటం ఎలా: త్రయో దీపాః, తిస్రో వర్తికాః

వినాయక చవితి దగ్గర పడుతోందంటే విశాఖలో డీటీపీ షాపులకు చేతినిండా పని. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లు పూజా విధానం ఒక కాగితం మీద అచ్చు వేయించి ఇంటింటికీ పంచుతారు. అందులో కలశం ఒకటి, వస్త్రాలు రెండు, దీపాలు మూడు అంటూ సామగ్రి లెక్క చెప్పే శ్లోకం కూడా ఉందనుకోండి. అచ్చుకి వెళ్లేముందు దాన్ని సరిచూసే పని మీ నెత్తిన పడింది. శబ్దమంజరి ఎప్పుడో కొంత చదివారు, సంధులు విడదీయడం వచ్చు. అంతవరకూ వస్తే చాలు, మిగతాది ఇక్కడ చూద్దాం.

పని చేయడానికి ఒక శ్లోకం కావాలి. కిందిది ఏ పురాణంలోదీ కాదు, ఈ పాఠం కోసమే కట్టాను. అందులో పెట్టిన తప్పులు మాత్రం కరపత్రాల్లో తరచూ కనబడే రకాలే.

ద్వౌ వస్త్రే కలశశ్చైకం త్రీణి దీపాః ప్రకల్పితాః |
త్రయశ్చ వర్తికాస్తేషు చత్వారోఽత్ర ఫలాని చ ||
పంచాః పత్రాణి తాంబూలే సమిధో వింశతయస్తథా |
అష్టోత్తరశతం దూర్వాః పుష్పాణాం శతమేవ చ ||

గొంతెత్తి చదవండి. మూడో పంక్తి చివర నాలుక కాస్త తడబడుతుంది, మిగతా అంతా సాఫీగా సాగిపోతుంది. అయినా ఇందులో ఏడు తప్పులున్నాయి. సాఫీగా సాగడానికి కారణం ఉంది. త్రయః, తిస్రః, త్రీణి మూడూ రెండేసి అక్షరాలు. చత్వారః, చతస్రః, చత్వారి మూడేసి. ద్వౌ, ద్వే ఒక్కొక్కటే. ఈ శ్లోకం అనుష్టుప్పు, పంక్తికి రెండు పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు. అందులో పాదం మొదటి భాగంలో గురులఘువులకు పెద్దగా కట్టుబాటు లేదు కాబట్టి ఒక రూపం ఉండాల్సిన చోట ఇంకోటి వచ్చి కూర్చున్నా ఛందస్సు కిమ్మనదు. ఛందస్సు సరిపోయింది కదా, శ్లోకం సరే అనుకోవడానికి లేదు.

మొదట సంధులన్నీ విడదీసి ఒక కాగితం మీద రాసుకోండి. చైకం అంటే చ, ఏకం. వర్తికాస్తేషు అంటే వర్తికాః, తేషు. చత్వారోఽత్ర అంటే చత్వారః, అత్ర. ఈ పని మనసులో చేసేస్తే కుదరదు, రాయాల్సిందే. సంఖ్య చివరి అక్షరమే సంధిలో మొదట కరిగిపోతుంది, లింగం తెలిసేదేమో ఆ చివరి అక్షరంలోనే. చత్వారి తర్వాత అత్ర వస్తే చత్వార్యత్ర అవుతుంది, ఆ ఇకారం యకారంలోకి వెళ్లిపోతుంది. చత్వారోఽత్ర, చత్వార్యత్ర అనేవి పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా కంటికి ఆనదు.

తర్వాత ఒక్కో సంఖ్య పక్కన అది లెక్కపెట్టే వస్తువును రాయండి. వ్యాకరణంలో దాన్ని సంఖ్యేయం అంటారు. శ్లోకంలో సంఖ్య ముందు రావచ్చు, వెనక రావచ్చు. కలశశ్చైకః అన్నప్పుడు ఒకటి కలశం తర్వాత వచ్చింది, సమిధో వింశతిః అన్నప్పుడూ అంతే. పక్కనున్న పదంతో కలిపేయకుండా అర్థం చూసి జత కట్టండి. మన శ్లోకంలో ఎనిమిది జతలు వస్తాయి: వస్త్రాలు 2, కలశం 1, దీపాలు 3, వత్తులు 3, పళ్లు 4, తమలపాకులు 5, సమిధలు 20, గరిక 108, పువ్వులు 100. చూశారా, లెక్కపెడితే తొమ్మిది. ఒక పాదంలో రెండు జతలున్నప్పుడు ఒకటి జారిపోవడం ఎంత తేలికో మీకే తెలుస్తుంది. ద్వే వస్త్రే, కలశశ్చైకః ఒకే పాదంలో ఉన్నాయి.

ఇప్పుడు అసలు పని, ప్రతి వస్తువుకీ సంస్కృతంలో లింగం ఏమిటో తేల్చడం. తెలుగువాళ్లం ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. తెలుగులో సంఖ్యకు ఉన్న భేదం ఒక్కటే, మనుషులైతే ముగ్గురు, కానివాటికి మూడు. దీపాలూ మూడే, వత్తులూ మూడే, పళ్లూ మూడే. పైగా సంస్కృతం నుంచి వచ్చిన అకారాంత పదాల్లో మనుషులవి కానివి చాలావరకు మన నోట సున్నాతో ముగుస్తాయి. దీపం, హోమం, గ్రంథం, పాదం, హస్తం అంటాం. సున్నా వినపడగానే ఫలం, పత్రం గుర్తొచ్చి నపుంసకలింగం అనిపిస్తుంది. సంస్కృతంలో మాత్రం దీపః, హోమః, గ్రంథః, పాదః, హస్తః అన్నీ పుంలింగాలే. మన శ్లోకంలో త్రీణి దీపాః అని పడడానికి కారణం ఇదే.

దీపం విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. రోజూ ఇళ్లలో దీపం చూపిస్తూ సాజ్యం త్రివర్తిసంయుక్తం అని మొదలుపెట్టి గృహాణ మంగళం దీపం అంటాం. అక్కడ దీపం అన్నది ద్వితీయా విభక్తి. దీపాన్ని స్వీకరించు అని అర్థం. పుంలింగానికి కూడా ద్వితీయ ఏకవచనంలో మకారమే వస్తుంది. ఏళ్ల తరబడి ఆ రూపమే చెవిన పడుతుండటంతో అది నపుంసకం అన్న అపోహ గట్టిపడిపోతుంది.

లింగం తేల్చడానికి బహువచనాన్ని నమ్మకండి. దీపాః, వర్తికాః రెండూ ఆః తోనే ముగుస్తాయి, కానీ ఒకటి పుంలింగం, రెండోది స్త్రీలింగం. త్రయో దీపాః అన్న ఊపులోనే త్రయో వర్తికాః అనేయడం అందుకే జరుగుతుంది. ప్రతి పదాన్నీ ఏకవచనానికి తెచ్చి దాని ముందు అయం, ఇయం, ఇదం అన్న మూడింటిలో ఏది నిలుస్తుందో పెట్టి చూడండి. అయం దీపః. ఇయం వర్తికా. ఇదం ఫలం, ఇదం పత్రం, ఇదం వస్త్రం, ఇదం పుష్పం. ఇయం దూర్వా. సమిధలు ఇంకాస్త మోసం చేస్తాయి. సమిధో అని ఓకారంతో ముగియడం చూసి రామో లాంటి పుంలింగ ఏకవచనం అనుకుంటారు. అది హలంత స్త్రీలింగం. ఏకవచనం సమిత్, బహువచనం సమిధః. కాబట్టి ఇయం సమిత్.

అనుమానం వస్తే అమరకోశం తీయండి, లింగం చెప్పడం కూడా ఆ గ్రంథం పెట్టుకున్న పనే. కలశం సంగతి అక్కడ చూస్తే కొంచెం ఊరట. ఆ శబ్దానికి మూడు లింగాలూ ఒప్పుకున్నాడు అమరసింహుడు. అంచేత కలశ ఏకః అన్నా, ఏకం కలశం అన్నా తప్పు కాదు. తప్పల్లా మన శ్లోకంలో ఉన్నట్టు కలశః అని పుంలింగం పెట్టి, పక్కనే ఏకం అని నపుంసకం పెట్టడం. వస్తువుకు ఏ లింగం ఎంచుకున్నారో సంఖ్యకూ అదే ఉండాలి.

లింగాలు తేలాక మిగిలింది తేలికే. ఒకటి నుంచి నాలుగు దాకా సంఖ్య లింగంలోనూ విభక్తిలోనూ వచనంలోనూ వస్తువును అనుసరిస్తుంది. ప్రథమా విభక్తి రూపాలు పుం, స్త్రీ, నపుంసక వరుసలో ఇవి:

ఏకః, ఏకా, ఏకం
ద్వౌ, ద్వే, ద్వే
త్రయః, తిస్రః, త్రీణి
చత్వారః, చతస్రః, చత్వారి

ఈ నాలుగు పంక్తులూ కాగితం అంచున రాసి పెట్టుకుంటే మళ్లీ పుస్తకం తెరవక్కర్లేదు. తిస్రః, చతస్రః అన్నవి విడ్డూరంగా అనిపిస్తే, స్త్రీలింగంలో త్రి, చతుర్ అన్నవాటి స్థానంలో తిసృ, చతసృ వస్తాయని పాణిని ప్రత్యేకంగా సూత్రం చేశాడు: త్రిచతురోః స్త్రియాం తిసృచతసృ. మూడు నాలుగుల దగ్గర స్త్రీలింగానికి మాటే వేరు అని గుర్తుంచుకుంటే చాలు.

మన శ్లోకంలో మొదటి నాలుగు పాదాలు దీని ప్రకారం దిద్దండి. వస్త్రం నపుంసకం, రెండు కాబట్టి ద్వే వస్త్రే. కలశశ్చైకః. త్రయో దీపాః. తిస్రశ్చ వర్తికాః. చత్వారి ఫలాని, సంధి చేస్తే చత్వార్యత్ర ఫలాని. ప్రకల్పితాః అన్న విశేషణం దగ్గరున్న దీపాలకే చెందుతుంది కాబట్టి పుంలింగ బహువచనంలో ఉండటం సరిగ్గానే ఉంది, దాన్ని ముట్టుకోకండి.

అయిదు నుంచి పద్దెనిమిది దాకా లింగం గొడవే లేదు. పంచ, షట్, సప్త, అష్ట లేదా అష్టౌ, నవ, దశ అన్నవి ప్రథమ, ద్వితీయల్లో మూడు లింగాలకూ ఒకటే. వీటి తర్వాత ఆ రెండు విభక్తుల బహువచన ప్రత్యయం లోపిస్తుంది. కాబట్టి పంచాః అన్న రూపమే లేదు, పంచ పత్రాణి అని దిద్దాలి. పూర్ణాహుతిలో చెప్పే సప్త తే అగ్నే మంత్రం విన్నవాళ్లకు దీని కోసం వేరే ఉదాహరణ అక్కర్లేదు. సమిధలు, జిహ్వలు స్త్రీలింగం, ఋషులు పుంలింగం, ధామ ప్రియాణి నపుంసకం, చివర యోనీః ద్వితీయా విభక్తి. అన్నింటికీ అదే సప్త. అదే మంత్రంలో సప్తధా అని కూడా వస్తుంది, అది ఏడు విధాలుగా అని చెప్పే అవ్యయం, దేన్నీ లెక్కపెట్టదు.

ఇరవైకి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. వింశతి మొదలు పైకి సంఖ్యకు సొంత లింగం, సొంత వచనం ఉంటాయి. అమరకోశంలో ఒకే వాక్యంలో ఉంది: వింశత్యాద్యాః సదైకత్వే సర్వాః సంఖ్యేయసంఖ్యయోః. అంటే వింశతి మొదలైనవి వస్తువును చెప్పినా సంఖ్యను చెప్పినా ఏకవచనంలోనే ఉంటాయి. తొంభైల దాకా అవి స్త్రీలింగాలు, శతం, సహస్రం నపుంసకాలు. సమిధలు ఇరవై ఉన్నా సమిధో వింశతిః అనే అనాలి. వింశతయః అంటే ఇరవైలు అని అర్థం, ఇరవై చొప్పున కట్టలు చాలా ఉన్నాయన్నమాట. మూడు ఇరవైలు అని చెప్పదలిస్తే తిస్రో వింశతయః అనొచ్చు, అక్కడ తిస్రః వచ్చింది వింశతి స్త్రీలింగం కావడం వల్ల.

ఇందాక మూడో పంక్తి చివర తడబాటు వచ్చిందన్నాను కదా. సమిధో వింశతయస్తథా అన్నప్పుడు పాదంలో తొమ్మిది అక్షరాలు పడ్డాయి. సమిధో వింశతిస్తథా అంటే ఎనిమిదే. ఏకవచనాన్ని బహువచనం చేస్తే అక్షరం పెరుగుతుంది కనుక ఇరవై పైన జరిగే ఈ తప్పును ఛందస్సు పట్టిస్తుంది. ఒకటి నుంచి నాలుగు దాకా జరిగేవాటిని మీరే పట్టుకోవాలి.

ఇక నాలుగో పంక్తి. ఇందులో తప్పు లేదు, కానీ సరిచూసేవాళ్లు దీన్నే దిద్ది పాడు చేస్తుంటారు. అష్టోత్తరశతం నపుంసక ఏకవచనం, దూర్వాః స్త్రీలింగ బహువచనం. రెండూ కలవలేదని ఒకరు శతాః అని రాస్తారు. అవసరం లేదు. ఇరవై పైన సంఖ్యనూ వస్తువునూ ఒకే విభక్తిలో పక్కపక్కన పెట్టొచ్చు, లేదా వస్తువును షష్ఠీ బహువచనంలో పెట్టి పుష్పాణాం శతం అనొచ్చు, అంటే పువ్వుల వంద. శతం పుష్పాణి అన్నా సరే. శతాని పుష్పాణి అంటే మాత్రం వందలకొద్దీ పువ్వులని అర్థం, పూర్ణా మార్కెట్‌కి వెళ్లేవాళ్లకు ఆ కాగితం ఇస్తే ఖర్చు పెరుగుతుంది. షష్ఠి వాడే ఈ వెసులుబాటు ఇరవై కింద లేదు. దీపానాం త్రయః అంటే దీపాల్లో ఏవో మూడు అన్న అర్థం వస్తుంది గానీ మూడు దీపాలు అని కాదు.

దిద్దిన శ్లోకం ఇదీ:

ద్వే వస్త్రే కలశశ్చైకస్త్రయో దీపాః ప్రకల్పితాః |
తిస్రశ్చ వర్తికాస్తేషు చత్వార్యత్ర ఫలాని చ ||
పంచ పత్రాణి తాంబూలే సమిధో వింశతిస్తథా |
అష్టోత్తరశతం దూర్వాః పుష్పాణాం శతమేవ చ ||

కరపత్రంలో శ్లోకం కింద వాక్యాలు కూడా ఉంటాయి, ఫలానా వాటితో పూజించాలి అని. అవి తృతీయా విభక్తిలో వస్తాయి. అక్కడ పుంలింగానికీ నపుంసకానికీ రూపం ఒకటే అయిపోతుంది, స్త్రీలింగం మాత్రం విడిగా నిలబడుతుంది: త్రిభిర్దీపైః, చతుర్భిః ఫలైః, కానీ తిసృభిర్వర్తికాభిః. రెండుకైతే అన్నింటికీ ద్వాభ్యాం. అయిదుకు పంచభిః, మూడు లింగాలకూ అదే. ఇరవైకి వింశత్యా సమిద్భిః. వింశతిభిః అని కనపడితే వెంటనే కొట్టేయండి.

సమాసం లోపల ఉన్న సంఖ్యకు ఇవేవీ వర్తించవు. త్రివర్తిసంయుక్తంలో వర్తి స్త్రీలింగమే అయినా లోపల ఉన్నది త్రి, తిసృ కాదు. సమాసంలో చేరాక సంఖ్య మూలరూపంలో బిగుసుకుపోతుంది. నవగ్రహాః, పంచామృతం కూడా అంతే. పురుషసూక్తంలో త్రిః సప్త సమిధః కృతాః అని ఉంటుంది. సమిధలు స్త్రీలింగం కదా, తిస్రః ఉండాలి కదా అనిపిస్తుంది. త్రిః అంటే మూడుసార్లు. అది ఎన్నిమార్లో చెప్పే అవ్యయం, మూడు ఏడులు ఇరవై ఒకటి అన్న లెక్క. దానికి లింగం లేదు.

ఆ మాటకొస్తే వేదమంత్రాన్ని దిద్దే పని అసలు పెట్టుకోకూడదు. మీ ఎర్ర పెన్ను కరపత్రం కోసం కట్టిన శ్లోకాల వరకే. మంత్రం కళ్లెదుట ఉంటే పాఠం అచ్చుతప్పా కాదా అని గురుముఖంగా నేర్చినవాళ్లను అడగాలి తప్ప శబ్దమంజరితో సరిపోల్చకూడదు. మీ కన్ను పదును పెట్టుకోవడానికి మాత్రం మంత్రం బాగా పనికొస్తుంది. అగ్నిముఖంలో అగ్నిధ్యానంగా చెప్పే చత్వారి శృంగా త్రయో అస్య పాదా ద్వే శీర్షే సప్త హస్తాసో అస్య అన్న ఋక్కు తీసుకోండి. ఋగ్వేదం నాలుగో మండలంలోది. శృంగం నపుంసకం కాబట్టి చత్వారి. పాదం పుంలింగం కాబట్టి త్రయః. శీర్షం నపుంసక ద్వివచనం కాబట్టి ద్వే. చేతులు పుంలింగమైనా ఏడు కాబట్టి సప్త. శృంగాణి అనాల్సిన చోట శృంగా అనీ, హస్తాః అనాల్సిన చోట హస్తాసః అనీ ఉన్నవి వైదిక రూపాలు. సంఖ్యలు మాత్రం లోకంలో వాడే రూపాలే. పతంజలి మహాభాష్యం మొదట్లో ఈ ఋక్కునే తీసుకుని ఆ ఏడు చేతులూ ఏడు విభక్తులన్నాడు.

చమకం పదకొండో అనువాకం మీకు నోటికి వస్తే దాన్ని కూడా ఇలాగే చూడండి. ఏకా చ మే, తిస్రశ్చ మే అని స్త్రీలింగంతో మొదలై పంచ, సప్త, నవ అని సాగిపోతుంది. తర్వాత నాలుగేసి పెరిగే వరుస చతస్రశ్చ మే అని మొదలవుతుంది. అంత పొడుగు జాబితాలో లింగం బయటపడేది ఆ మూడు మాటల్లోనే. త్రయోదశలో త్రయః కనపడుతుంది కదా అనకండి, అది సమాసంలో బిగిసిన రూపం, స్త్రీలింగానికైనా అదే.

చివరగా ఒక చిక్కు. కాగితం అచ్చుకి వెళ్లే రోజున కమిటీ వాళ్లు దీపాలు నాలుగు పెడదాం అంటారు. వత్తులు కూడా నాలుగే అవుతాయి. త్రయో తీసి చత్వారో పెడితే చత్వారో దీపాః ప్రకల్పితాః అని తొమ్మిది అక్షరాలవుతాయి. అప్పుడు ప్రకల్పితాః వదిలేసి పాదాన్ని తిరగేయాలి. దీపాశ్చత్వార ఏవ చ అంటే ఎనిమిది, అయిదో అక్షరం లఘువు, ఆరోది గురువు, ఏడోది లఘువు, సరిపాదానికి కావలసినట్టే. దకారం ముందుకొచ్చింది కాబట్టి చైకస్ అన్నది చైకో అవుతుంది. వత్తుల పాదంలో చకారం తీసేస్తే చతస్రో సరిగ్గా పడుతుంది:

ద్వే వస్త్రే కలశశ్చైకో దీపాశ్చత్వార ఏవ చ |
చతస్రో వర్తికాస్తేషు చత్వార్యత్ర ఫలాని చ ||

నాలుగు అన్న మాట మూడుసార్లు వచ్చింది, మూడు లింగాల్లో. అచ్చుకిచ్చేటప్పుడు డీటీపీ చేసేవారికి ఒక్కమాట చెప్పండి, ఆ మూడూ ఒకేలా లేవని తనంతట తాను ఒకేలా మార్చేయవద్దని.